తలకు దెబ్బ తగిలిన పేషెంట్‌ని న్యూరోసర్జరీకి పంపేటప్పుడు రిఫరల్ లేఖ ఎలా రాయాలి

"పేషెంట్ స్టేబుల్. ప్రథమ చికిత్స చేసి, మెరుగైన వైద్యం కోసం హయ్యర్ సెంటర్‌కి పంపడమైనది."

పీజీ చేసే రోజుల్లో న్యూరోసర్జరీ క్యాజువాల్టీలో ఇలాంటి లేఖలు ఎన్ని చూశానో లెక్కలేదు. ఒక రాత్రి ట్యూబు వేసిన కుర్రాడు వచ్చాడు. లేఖలో "జీసీఎస్ 3" అని ఉంది. చెయ్యి గిల్లినా కదలిక లేదు. కంటిపాపలు మాత్రం రెండూ చక్కగా వెలుగుకి ముడుచుకుంటున్నాయి. మెదడు నిజంగా అంత దెబ్బతిన్నదా, లేక కండరాలు సడలించే మందు ఇంకా పనిచేస్తోందా? లేఖలో ఆ మాటే లేదు. పంపిన ఆసుపత్రికి ఫోన్ కలవలేదు. వెంట వచ్చిన ఈఎంటీ "ఎక్కించే ముందు ఏదో ఇంజెక్షన్ వేశారు సార్" అన్నాడు. అది ఎప్పుడు వేశారో, ఏ మందో తెలియక, అతను తనంతట తాను చెయ్యి కదిపే వరకు అరగంట ఎదురు చూశాం. ఆ అరగంట ఆదా కావడానికి లేఖలో ఒక్క వరుస సరిపోయేది.

అందుకే ఇది రాస్తున్నాను. ఏరియా ఆసుపత్రిలోనో, సీహెచ్‌సీలోనో నైట్ డ్యూటీలో ఉన్న డాక్టర్ కోసం. చెప్పడం తేలిక కావడానికి ఒక కేసు కల్పించి దాన్నే చివరిదాకా తీసుకెళ్తాను. విశాఖ కేజీహెచ్‌కి రోడ్డు మీద రెండు గంటల దూరంలో, సీటీ ఉన్న ఏరియా ఆసుపత్రి అనుకోండి. 27 ఏళ్ల మగ మనిషి, బరువు సుమారు 60 కిలోలు. రాత్రి 7:40కి బైక్ స్కిడ్ అయ్యి పడ్డాడు, హెల్మెట్ లేదు. 8:15కి 108లో మీ దగ్గరికి తెచ్చారు.

ముందు ఫోన్, తర్వాత కాగితం

సీటీ తెర మీద ఎడమ కణత దగ్గర కటకం ఆకారంలో తెల్లటి రక్తపు గడ్డ కనబడగానే ఇది ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమా అని అర్థమవుతుంది. ఆ క్షణమే ఫోన్ తీయండి. లేఖ రాయడం పూర్తయ్యాక ఫోన్ చేద్దామనుకుంటే ఇరవై నిమిషాలు పోతాయి. అవతల న్యూరోసర్జరీ డ్యూటీ డాక్టర్‌కి వయసు, జీసీఎస్, కంటిపాపలు, సీటీలో ఏముందో చెప్పి, ఫిల్మ్ ఫోటో వాట్సాప్‌లో పంపండి. ఫోటోలో పేషెంట్ పేరు కనబడకుండా మూసేయండి. అదే సమయంలో సిస్టర్‌ని 108కి కాల్ చేయమనండి. అడిగేటప్పుడు అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ బండి కావాలని, వెంటిలేటర్ పెట్టాల్సిన పేషెంట్ అని స్పష్టంగా చెప్పించండి.

ఈ ఫోన్ సంగతి లేఖలో మొదట్లోనే రావాలి: "9:00కి న్యూరోసర్జరీ డ్యూటీ పీజీ డాక్టర్ ఫలానా వారితో మాట్లాడాను, పేషెంట్‌ని తీసుకుంటామన్నారు." పేరు, టైమ్ రెండూ ఉండాలి. అవి లేకపోతే గేటు దగ్గర "ఎవరు పంపమన్నారు" అన్న ప్రశ్నతోనే కాలం గడిచిపోతుంది.

పై మూడు వరుసలు

అవతల లేఖ చేతిలోకి తీసుకునే మనిషి ఒక చేత్తో స్ట్రెచర్ పట్టుకుని ఉంటాడు. అతను చదివేది పై మూడు వరుసలే. ఎందుకు పంపుతున్నారో, ఎంత తొందరో అక్కడే తెలియాలి. మన కేసులో ఇలా:

"27 ఏళ్లు, మగ, సుమారు 60 కిలోలు. రాత్రి 7:40కి బైక్ ప్రమాదం. ఎడమ టెంపోరల్ ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమా, సుమారు 37 మి.లీ., మిడ్‌లైన్ షిఫ్ట్ 7 మి.మీ. జీసీఎస్ 50 నిమిషాల్లో 14 నుంచి 8కి పడింది, ఎడమ పాప పెద్దదైంది. అత్యవసరంగా గడ్డ తీయడం కోసం పంపుతున్నాం."

ఆ 37 మి.లీ. ఎలా వచ్చిందంటారా? రేడియాలజిస్టు లేకపోయినా మీరే లెక్క వేయొచ్చు. గడ్డ పెద్దగా కనబడే స్లైస్‌లో పొడవు కొలవండి, దానికి అడ్డంగా మందం కొలవండి. ఎన్ని స్లైస్‌లలో గడ్డ కనబడుతోందో లెక్కపెట్టి, ఆ సంఖ్యని స్లైస్ మందంతో గుణిస్తే ఎత్తు వస్తుంది. మూడూ గుణించి సగం చేయాలి. ఇక్కడ పొడవు 6 సెం.మీ., మందం 2.5 సెం.మీ. ఐదు మి.మీ. స్లైస్‌లు పదింటిలో గడ్డ ఉంది కాబట్టి ఎత్తు 5 సెం.మీ. గుణిస్తే 75, సగం 37.5. ఎక్స్‌ట్రాడ్యూరల్ గడ్డ 30 మి.లీ. దాటితే జీసీఎస్ ఎంతున్నా ఆపరేషన్ చేయాలన్నది అందరూ పాటించే హద్దు. అందుకే ఈ ఒక్క అంకె చూసి అవతల థియేటర్ సిద్ధం చేయడం మొదలుపెడతారు. సబ్‌డ్యూరల్ అయితే ఈ లెక్క కన్నా మందం ముఖ్యం. 10 మి.మీ. మించిందా, షిఫ్ట్ 5 మి.మీ. మించిందా అన్నది రాయండి.

సీటీ లేని చోట ఈ వరుసలో అనుమానానికి కారణం రాయాలి: "మొదట మాట్లాడాడు, గంటలో మత్తులోకి జారాడు, ఎడమ పాప పెద్దదైంది, కుడి చెయ్యి బలహీనం." అంతే చాలు. సీటీ కోసం దారిలో మరో ఊళ్లో ఆపకండి. అవతల ఎలాగూ తీస్తారు.

జీసీఎస్: మొత్తం కాదు, విడివిడిగా, టైమ్‌తో

లేఖ మొత్తంలో నేను ఎక్కువ పట్టుబట్టేది ఇక్కడే. "జీసీఎస్ 9" అని రాస్తే సగమే చెప్పినట్టు. కళ్లు, మాట, కదలిక మూడూ విడిగా కావాలి. మూడింటిలో కదలిక మీదే న్యూరోసర్జన్ దృష్టి ఎక్కువగా ఉంటుంది. పైగా ఒక్కసారి చూసిన అంకెకి విలువ తక్కువ. పడిపోతోందా, నిలబడిందా అన్నదే నిర్ణయం మార్చేది. ఈ కేసులో:

"8:20: ఈ4 వీ4 ఎం6, మొత్తం 14. పాపలు రెండూ 3 మి.మీ., ముడుచుకుంటున్నాయి. రెండుసార్లు వాంతి.
9:10: ఈ1 వీ2 ఎం5, మొత్తం 8. ఎడమ పాప 5 మి.మీ., మెల్లగా ముడుచుకుంటోంది. కుడి 3 మి.మీ., బాగుంది. కుడి చెయ్యి, కాలు తక్కువ కదలిక. ఇది మత్తు మందులు ఇవ్వక ముందు చూసినది.
9:45: ట్యూబు వేశాక, మానిటాల్ అయ్యాక. జీసీఎస్ చూడడానికి వీల్లేదు. ఎడమ పాప 4 మి.మీ., ముడుచుకుంటోంది, కుడి 3 మి.మీ."

"మత్తు మందులు ఇవ్వక ముందు" అన్న మాట మర్చిపోకండి. అవతలి వాళ్లకి ఆధారం అదే. ఎం5 అన్నది మంచి వైపు కదలికకి ఇచ్చే మార్కు. గడ్డ ఎడమ వైపు ఉంది కాబట్టి కుడి వైపు బలహీనపడుతుంది. ఆ తేడా మార్కులో కనబడదు కనుక మాటల్లో రాయాలి.

పాప సైజు కంటితో ఊహించకండి. టార్చి వేసి, పక్కన స్కేలు పెట్టి చూడండి. చాలా టార్చిల మీదే కొలతల గుండ్రాలు అచ్చయి ఉంటాయి. కంటికే దెబ్బ తగిలినా, పాత కంటి ఆపరేషన్ ఉన్నా అదీ ఒక మాట రాయండి. ఎందుకంటే పాప పెద్దదవడానికి అదీ కారణం కావచ్చు.

ఇచ్చిన చికిత్స: మందు, డోసు, టైమ్, ఇచ్చాక ఏమైంది

"ఇంజెక్షన్ మానిటాల్ స్టాట్ ఇచ్చాం" అన్న వరుసలో అవతలి వాళ్లకి పనికొచ్చేది ఏమీ లేదు. ఎంత ఇచ్చారో తెలియకపోతే మళ్లీ ఇవ్వాలా వద్దా తేల్చుకోలేరు. ప్రతి మందుకీ నాలుగు సంగతులు రాయండి. అలవాటైతే మీరు ఇస్తూ ఉండగానే సిస్టర్ కేస్ షీట్‌లో టైమ్ వేసేస్తుంది, చివర్లో గుర్తు చేసుకునే బాధ ఉండదు.

శ్వాస దగ్గర మొదలుపెట్టండి. "9:25కి అనస్థీషియా డాక్టర్ ట్యూబు వేశారు. 8 సైజు, పెదవి దగ్గర 22 సెం.మీ., మొదటి ప్రయత్నంలోనే. కెటమిన్ 90 మి.గ్రా., సక్సినైల్‌కోలిన్ 90 మి.గ్రా. రెండు వైపులా గాలి వెళ్తోంది. మెడకి కాలర్ ఉంది. మెడ కదపకుండా ట్యూబు వేశాం. వెక్యూరోనియం 6 మి.గ్రా. 9:40కి, ఆ తర్వాత మరో డోసు లేదు." పైన చెప్పిన ఆ కుర్రాడి లేఖలో లేనిది ఈ చివరి వాక్యమే. వెక్యూరోనియం ఈ డోసులో దాదాపు అరగంట నుంచి ముప్పావు గంట పనిచేస్తుంది. టైమ్ తెలిస్తే అవతలి డాక్టర్ ఎప్పుడు కదలిక చూడాలో లెక్కేసుకుంటాడు.

తర్వాత రక్తపోటు. తలకి దెబ్బ తగిలినవారికి ఒక్కసారి ప్రెజర్ పడినా మెదడుకి మరో దెబ్బ తగిలినట్టే. ఈ వయసులో పై ప్రెజర్ 110 కన్నా తగ్గనివ్వకూడదు. "నార్మల్ సలైన్ మొత్తం 1 లీటరు, డెక్స్‌ట్రోజ్ ఇవ్వలేదు. ప్రెజర్ ఎప్పుడూ 110 కింద పడలేదు." ఒకవేళ పడి ఉంటే దాచకండి, ఎంతకి పడింది, ఎన్ని నిమిషాలు, ఏం చేశారో రాయండి. ఆ సమాచారం చూసి మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. ప్రెజర్ పడిన మనిషికి పొట్టలోనో, తొడ ఎముకలోనో రక్తస్రావం ఉందేమోనని మళ్లీ వెతుకుతారు.

ఇక మెదడు వాపుకి ఇచ్చినది. "20 శాతం మానిటాల్ 150 మి.లీ., అంటే 30 గ్రా., 9:15 నుంచి 9:35 వరకు. అప్పటి ప్రెజర్ 140/90." ఇక్కడ లెక్క చూడండి: 20 శాతం అంటే 100 మి.లీ.లో 20 గ్రాములు. కిలోకి అర గ్రాము చొప్పున 60 కిలోలకి 30 గ్రాములు. కిలోకి పావు గ్రాము నుంచి ఒక గ్రాము వరకు ఇస్తారు. పై ప్రెజర్ 90 కింద ఉంటే మానిటాల్ ఇవ్వకూడదు, ఎందుకంటే అది మూత్రం లాగేసి ప్రెజర్‌ని మరింత పడగొడుతుంది. ఆ పరిస్థితిలో 3 శాతం సలైన్ ఉంటే అది మేలు. మానిటాల్ ఇస్తే మూత్రం గొట్టం తప్పదు: "కాథెటర్ వేశాం, 9:45 వరకు 400 మి.లీ."

ట్రానెక్సామిక్ యాసిడ్ విషయంలో టైమ్‌కి మరీ విలువ ఉంది. దెబ్బ తగిలిన మూడు గంటల్లోపే మొదలుపెట్టాలి. "1 గ్రా. 8:45 నుంచి 8:55 వరకు, దెబ్బ తగిలిన 65 నిమిషాలకి. రెండో గ్రాము 8:55కి మొదలుపెట్టాం, 8 గంటలు వెళ్లాలి. తెల్లవారుజామున 4:55కి పూర్తి." ఇలా రాయకపోతే అంబులెన్స్ దిగేటప్పుడు సీసా తీసేస్తారు, లేదా అవతల మళ్లీ మొదటి గ్రాము ఇస్తారు.

మిగిలినవి చిన్నగా: "లెవెటిరాసెటామ్ 1 గ్రా. 9:30కి. ఫిట్స్ రాలేదు. టీడీ 0.5 మి.లీ. తల చర్మం గాయం 4 సెం.మీ., కడిగి కుట్లు వేశాం. పొట్ట గొట్టం నోటి ద్వారా వేశాం, ముక్కు ద్వారా కాదు." ముక్కు నుంచి రక్తమో, నీరులాంటి ద్రవమో కారుతున్నా, కళ్ల చుట్టూ నల్లగా కమిలినా పుర్రె అడుగున విరిగి ఉండొచ్చు. అప్పుడు ముక్కులో గొట్టం వేస్తే ప్రమాదం, అందుకే ఆ మాట రాశాను. డెక్సామెథాసోన్ ఇవ్వకండి. తల దెబ్బలకి స్టెరాయిడ్ వల్ల మరణాలు పెరుగుతాయని క్రాష్ అనే పెద్ద పరిశోధనలో 2004లోనే తేలింది. ఒకవేళ మీకన్నా ముందు చూసిన ఆర్‌ఎంపీనో, వేరే క్లినిక్కో ఇచ్చి ఉంటే అదీ రాయండి.

పెండింగ్ టెస్టులు: మూడు రకాలుగా విడదీయండి

"ఇన్వెస్టిగేషన్స్: రిపోర్టులు రావాలి" అన్న వాక్యం వల్ల జరిగేది ఒక్కటే, అవతల అన్నీ మొదటి నుంచి మళ్లీ తీస్తారు. పంపినా ఫలితం రానివి, అసలు చేయనివి, చేసినా మళ్లీ చూడాల్సినవి వేర్వేరు. లేఖలో కూడా వేర్వేరుగా ఉంచండి.

"శాంపిల్ 8:25కి ల్యాబ్‌కి వెళ్లింది, ఫలితం రావాలి: సీబీపీ, పీటీ-ఐఎన్ఆర్, క్రియాటినిన్, సోడియం-పొటాషియం, హెచ్‌ఐవీ-హెచ్‌బీఎస్‌ఏజీ-హెచ్‌సీవీ. ఫలితం రాగానే డ్యూటీ డాక్టర్ మీ క్యాజువాల్టీకి ఫోన్ చేస్తారు. మా ల్యాబ్ నంబర్ ఇది."

వీటిలో పీటీ-ఐఎన్ఆర్‌ని పెండింగ్‌లో పెట్టేటప్పుడు పక్కనే ఒక మాట చేర్చాలి: పేషెంట్ రక్తం పలచబడే మందులు వాడుతున్నాడా? 27 ఏళ్లవాడికి అరుదు. కానీ అరవై దాటినవారు, వాల్వ్ ఆపరేషన్ అయినవారు, స్టెంట్ వేయించుకున్నవారు వస్తారు. ఎసిట్రోమ్, వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్, వీటిలో ఏదైనా ఉందా అని ఇంటివాళ్లని మందు బిళ్లల షీటు చూపించమని అడగండి. "బీపీ బిళ్లలు" అని చెప్పి ఎసిట్రోమ్ షీటు తీసినవాళ్లని చూశాను. అది ఉంటే ఐఎన్ఆర్ కోసం ఆగకుండా లేఖ పై వరుసలోకే ఎక్కించండి.

"చేయలేదు: మెడ సీటీ (కాబట్టి కాలర్ తీయవద్దు), పెల్విస్ ఎక్స్‌రే (చేత్తో చూస్తే గట్టిగానే ఉంది), క్రాస్‌మ్యాచ్ (గ్రూపు ఓ పాజిటివ్). తల సీటీని డ్యూటీ డాక్టర్ చూశారు, రేడియాలజిస్టు రిపోర్టు రాలేదు."

చివరి వాక్యం నిజాయితీకి సంబంధించినది. మనం గడ్డ చూస్తాం. పక్కన సన్నటి పగులో, అవతలి వైపు చిన్న రక్తపు మచ్చో మన కంటికి అందకపోవచ్చు. రిపోర్టు కాదని చెబితే వాళ్లు ఫిల్మ్‌ని మళ్లీ తమ కళ్లతో చూస్తారు.

"మళ్లీ చూడాలి: ఫాస్ట్ స్కాన్ 8:30కి నెగెటివ్. ఛాతీ ఎక్స్‌రే ట్యూబు వేయక ముందు తీసినది, బాగుంది. షుగర్ 8:20కి 138." మొదటి గంటలో నెగెటివ్ వచ్చిన ఫాస్ట్ స్కాన్ రెండు గంటల ప్రయాణం తర్వాత పాజిటివ్ కావచ్చు. టైమ్ వేస్తేనే ఆ అనుమానం వస్తుంది.

ఫలితాల కోసం బండిని ఆపకండి. హిమోగ్లోబిన్ ఎంతో తెలుసుకోవడానికి ఇరవై నిమిషాలు ఆగితే గడ్డ మరికాస్త పెరుగుతుంది. కాగితం వెనకాల ఫోన్లో వెళ్తుంది, పేషెంట్ ముందు వెళ్లాలి.

ఎంఎల్‌సీ, ఇంటివాళ్లు

ప్రమాదం కేసు కాబట్టి ఎంఎల్‌సీ నంబర్, సమాచారం ఇచ్చిన పోలీస్ స్టేషన్ పేరు, టైమ్ ఒక వరుసలో రాయండి. ఎంఎల్‌సీ మీరు చేశారని తెలిస్తే అవతల మళ్లీ చేయరు. పోలీసులు వచ్చే వరకు పేషెంట్‌ని ఆపాల్సిన అవసరం లేదు. ముందు ప్రాణం, తర్వాతే పోలీసు లాంఛనాలు అని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. మద్యం పరీక్షకి రక్తం తీసి ఉంటే అదీ, ఎవరి కస్టడీలో ఉందో కూడా రాయాలి. మద్యం వాసన వస్తోందని రాయడంలో తప్పులేదు. "మత్తులో ఉన్నాడు కాబట్టి జీసీఎస్ తక్కువ" అని మాత్రం రాయకండి, ఆ మాట అవతలి మనిషిని కూడా పొరపాటు పట్టిస్తుంది.

వెంట వెళ్లే బంధువు పేరు, వరస, ఫోన్ నంబర్ రాయండి. ఆపరేషన్ సంతకం అతనే పెట్టాలి. ఆధార్, రేషన్ కార్డు దొరికితే పట్టుకెళ్లమనండి, లేకపోతే తర్వాత తెమ్మనండి. చివరిసారి ఎప్పుడు తిన్నాడు, మందులు పడవా అన్నవి ఇంటివాళ్లు పక్కనున్నప్పుడే అడిగి రాసుకోండి.

బండి కదిలే ముందు

లేఖలో చివరి వరుస బయలుదేరేటప్పటి స్థితి. "9:50: పల్స్ 84, ప్రెజర్ 132/84, ఆక్సిజన్ 98 శాతం, ఎడమ పాప 4, కుడి 3." అవతల దిగినప్పటి అంకెలతో దీన్ని పోల్చి, దారిలో ఏం జరిగిందో అంచనా వేస్తారు. "స్టేబుల్" అన్న మాట బదులు ఈ అంకెలు రాయండి.

అదే కాగితం వెనక ఈఎంటీ కోసం నాలుగు మాటలు రాసి, చదివి వినిపించండి: మంచం తల వైపు 30 డిగ్రీలు ఎత్తు, అయితే మెడ తేలలేదు కాబట్టి నడుము దగ్గర వంచకుండా మొత్తం మంచాన్నే వాలుగా ఎత్తాలి, బ్యాగు నిమిషానికి 10 నుంచి 12 సార్లే, ఆదుర్దాలో గబగబా నొక్కితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి మెదడుకి రక్తం చాలదు, 15 నిమిషాలకోసారి పల్స్, ప్రెజర్, పాపలు చూసి రాయాలి, ఎడమ పాప మళ్లీ పెద్దదైతే వెంటనే మీ నంబర్‌కి ఫోన్. సీటీ ఫిల్మ్‌లు, లేఖ, ఎక్స్‌రే ఒకే కవర్లో పెట్టి బంధువు చేతికి కాకుండా ఈఎంటీ చేతికి ఇవ్వండి. లేఖ కాపీ ఒకటి మీ కేస్ షీట్‌లో ఉంచుకోండి.

కింద మీ పేరు అర్థమయ్యేలా, రిజిస్ట్రేషన్ నంబర్, తీసే ఫోన్ నంబర్. ల్యాండ్‌లైన్ ఒక్కటే రాస్తే అర్ధరాత్రి ఎవరూ ఎత్తరు.

బండి వెళ్లాక

10:20కి ల్యాబ్ నుంచి ఫలితాలు వచ్చాయనుకుందాం. హిమోగ్లోబిన్ 12.4, ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు, ఐఎన్ఆర్ 1.1, సోడియం 139. బండి ఇంకా దారిలోనే ఉంది. క్యాజువాల్టీకి ఫోన్ చేసి ఈ అంకెలు చదివి వినిపించండి, అవతలి వ్యక్తిని తిరిగి చెప్పమనండి, రిపోర్టు ఫోటో కూడా పంపండి. హెచ్‌ఐవీ, హెచ్‌బీఎస్‌ఏజీ ఇంకా రాలేదని, వచ్చాక మళ్లీ చేస్తానని చెప్పండి. తర్వాత కేస్ షీట్ తెరిచి రాయండి: "10:25: ఫలితాలు కేజీహెచ్ క్యాజువాల్టీలో న్యూరోసర్జరీ పీజీకి ఫోన్లో చెప్పాను. వైరల్ మార్కర్లు పెండింగ్."